పల్లీ ఒకటే, క్యాలరీల లెక్కలు మాత్రం నాలుగు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన రెండు పట్టికల పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. డాక్టర్ సి. గోపాలన్, సహరచయితలు కూర్చిన పాత పుస్తకం వంద గ్రాముల వేరుశనగ పప్పులో 567 కిలోక్యాలరీలు ఉన్నాయంటుంది. అదే సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికలో ఆ విలువ 2176 కిలోజౌళ్లు. దాన్ని 4.184తో భాగిస్తే వచ్చేది 520 కిలోక్యాలరీలు. సంస్థ అదే, పల్లీ అదే. తేడా మాత్రం 47. పప్పు మారలేదు, తినే మనిషి కడుపూ మారలేదు. మరి ఆ 47 ఎటు పోయినట్టు?

జవాబు వెతకాలంటే ముందు ఆ 567 ఎలా వచ్చిందో చూడాలి. పాత పుస్తకం ప్రకారం వంద గ్రాముల పల్లీలో ప్రోటీన్ 25.3 గ్రాములు, కొవ్వు 40.1, పిండిపదార్థం 26.1. ప్రోటీన్‌ను నాలుగుతో, పిండిపదార్థాన్ని నాలుగుతో, కొవ్వును తొమ్మిదితో గుణించాలి. 101.2, 104.4, 360.9 వస్తాయి. కలిపితే 566.5. అంటే ఎవరూ పల్లీని ఏదో యంత్రంలో పెట్టి క్యాలరీలు చదవలేదు. గ్రాములు కొలిచారు, మిగిలింది గుణకారం. అదే పుస్తకంలో బియ్యానికి ఇచ్చిన 345, కందిపప్పుకు ఇచ్చిన 335, కోడిగుడ్డుకు ఇచ్చిన 173 కూడా ఇలాగే వచ్చినవి. కావాలంటే గుడ్డును సరిచూసుకోవచ్చు: ప్రోటీన్ 13.3, కొవ్వు కూడా 13.3, పిండిపదార్థం లేదు. 53.2, 119.7 కలిపితే 172.9.

బిస్కెట్ ప్యాకెట్ వెనకా, పాల పొడి డబ్బా మీదా కనిపించే శక్తి విలువ కూడా చాలావరకు ఈ 4-4-9 నుంచి పుట్టిందే. అక్కడ కిలోక్యాలరీ అని రాసినా, మాటల్లో మనం క్యాలరీ అనే అంటాం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే శక్తి అది.

ఈ మూడు అంకెల వెనక ఉన్న మనిషి విల్బర్ అట్‌వాటర్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, మిడిల్‌టౌన్ అనే ఊళ్లో, వెస్లియన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యుడు. ఆహారాన్ని కాల్చి వేడి కొలవడం ఆయనకు ముందే ఉన్న పద్ధతి. దానికి వాడే పరికరం పేరు బాంబ్ కెలోరిమీటర్. పేరు భయపెట్టినా పని సులువే. మందపాటి ఉక్కు గిన్నెలో ఎండబెట్టిన పదార్థాన్ని పెట్టి, స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి, గిన్నెను నీళ్లలో ముంచి, విద్యుత్తుతో నిప్పు అంటిస్తారు. పదార్థం బూడిదవుతుంది, చుట్టూ ఉన్న నీరు వేడెక్కుతుంది. ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూస్తే పదార్థంలోని మొత్తం శక్తి తెలిసిపోతుంది. అలా కాలిస్తే గ్రాము కొవ్వు సగటున 9.4 కిలోక్యాలరీలు, పిండిపదార్థం 4.1, ప్రోటీన్ 5.65 ఇస్తాయి.

ఈ లెక్కన పల్లీని కాలిస్తే వంద గ్రాములకు సుమారు 620 రావాలి. కానీ మనిషి ఉక్కు గిన్నె కాదు. తిన్నదంతా అరగదు, అరిగినదంతా పూర్తిగా కాలదు. ఈ రెండు నష్టాలనూ విడివిడిగా కొలిచి తీసివేయడమే అట్‌వాటర్ చేసిన అసలు పని.

మొదటి నష్టం మలంలో పోయేది. మనుషులకు తూచిన ఆహారం పెట్టి, వాళ్ల మలాన్ని సేకరించి, ఎండబెట్టి, అందులో మిగిలిన కొవ్వునూ నత్రజనినీ కొలిచారు. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా పోషకాహార శాస్త్రం సగం ఇలాంటి పని మీదే నిలబడింది. ఆనాటి అమెరికన్ల కలగలుపు భోజనంలో పిండిపదార్థం 97 శాతం, కొవ్వు 95 శాతం, ప్రోటీన్ 92 శాతం ఒంటికి పడుతున్నట్టు తేలింది. 4.1లో 97 శాతం 3.98, అంటే నాలుగు. 9.4లో 95 శాతం 8.93, అంటే తొమ్మిది. రెండు అంకెలు వచ్చేశాయి.

ప్రోటీన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. మంటలో ప్రోటీన్ పూర్తిగా కాలిపోతుంది. ఒంట్లో అలా జరగదు. అందులోని నత్రజనిని శరీరం కాల్చలేదు, దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. యూరియాను ఆరబెట్టి నిప్పంటిస్తే అదీ వేడినిస్తుంది. అంటే కొంత శక్తి వాడుకోకుండానే బయటికి పోతోందన్నమాట. ఈ నష్టం గ్రాము ప్రోటీన్‌కు 1.25 కిలోక్యాలరీలని అట్‌వాటర్ లెక్కగట్టాడు. 5.65 నుంచి 1.25 తీసేస్తే 4.40. అందులో 92 శాతం 4.05. దాన్ని నాలుగు చేశారు. మంటలో పిండిపదార్థం కంటే ఎంతో ముందున్న ప్రోటీన్ ఒంట్లోకి వచ్చేసరికి దానితో సమానం కావడానికి కారణం ఇదే. ఆల్కహాల్‌కు కూడా ఇలాగే ఏడు అనే అంకె స్థిరపడింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1890లలో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోసాతో కలిసి ఒక మనిషి పట్టేంత గదినే కెలోరిమీటర్‌గా కట్టాడు. లోపల మంచం, బల్ల, కుర్చీ. చిన్న కిటికీ గుండా భోజనం లోపలికి వెళ్లేది, మలమూత్రాలు బయటికి వచ్చేవి. మనిషి ఒంటి నుంచి వచ్చే వేడిని గొట్టాల్లో పారే నీరు మోసుకుపోయేది, ఆ నీటి ఉష్ణోగ్రతను కొలిచేవారు. అందులో మనుషులు రోజుల తరబడి ఉన్నారు. కొందరు ఊరికే పడుకున్నారు, కొందరు కదలని సైకిల్ తొక్కారు. తిన్న ఆహారం నుంచి లెక్కగట్టిన శక్తీ, ఒంటి నుంచి వెలువడిన శక్తీ దాదాపు కచ్చితంగా సరిపోయాయి. 4-4-9 ఇన్నేళ్లు నిలబడిందంటే, వేసిన లెక్కను మనిషి ఒంటి మీదే సరిచూసుకోవడం అందుకు పెద్ద కారణం.

అయితే గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఈ మూడూ సగటు అంకెలు. మాంసం, పాలు, రొట్టె కలిసిన భోజనానికి సగటు. విడివిడిగా చూస్తే అట్‌వాటర్ పట్టికల్లోనే మాంసం, పాలు, గుడ్ల ప్రోటీన్ 97 శాతం అరిగితే పప్పు గింజల ప్రోటీన్ 78 శాతమే అరుగుతుందని ఉంది. 1955లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మెర్రిల్, వాట్ ఒక్కో రకం ఆహారానికి ఒక్కో అంకె ఇచ్చారు. గుడ్డు ప్రోటీన్‌కు 4.36, పప్పు గింజల ప్రోటీన్‌కు 3.47. మన కందిపప్పుకు ఇది వర్తింపజేస్తే వందగ్రాముల్లోని 22.3 గ్రాముల ప్రోటీన్ ఇచ్చేది 89 కాదు, 77. ముద్దపప్పు తినేవాళ్లకు పన్నెండు క్యాలరీల తేడా పెద్ద విషయం కాదు కాబట్టి ప్యాకెట్ల మీద నాలుగుతోనే నెట్టుకొస్తున్నారు. అది తప్పేమీ కాదు.

ఇప్పుడు ఆ 47 దగ్గరికి వద్దాం. పట్టికల్లో పిండిపదార్థం అంకె చాలాసార్లు నేరుగా కొలిచినది కాదని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. నీరు, ప్రోటీన్, కొవ్వు, బూడిద, పీచు కొలిచి, వాటిని వందలోంచి తీసేస్తే మిగిలినదాన్ని పిండిపదార్థం అంటారు. కాబట్టి పీచును సరిగా కొలవకపోతే తప్పిపోయిన పీచంతా పిండిపదార్థం పద్దులో చేరి నాలుగుతో హెచ్చవుతుంది. పాత పద్ధతిలో గింజను ఆమ్లంలో, తర్వాత క్షారంలో మరిగించి, కరగకుండా మిగిలినదాన్నే పీచు అనేవారు. ఆ మరుగులో అసలు పీచులో చాలా భాగం కరిగిపోయేది. అందుకే పాత పుస్తకంలో పల్లీకి పీచు 3.1 గ్రాములే ఉంది. ఇప్పుడు మన పేగుల్లో జరిగినట్టే ఎంజైములతో పిండిని అరిగించి, అరగనిదాన్ని తూస్తారు. ఈ పద్ధతిలో పీచు 10.4 గ్రాములకు ఎగబాకింది, పిండిపదార్థం 26.1 నుంచి 17.3కి జారింది. దాదాపు తొమ్మిది గ్రాములు తగ్గాయి కదా, నాలుగుతో గుణిస్తే 35. మిగిలిన పన్నెండూ ప్రోటీన్, కొవ్వు అంకెల్లోని చిన్న తేడాలు. లెక్క తెగింది.

పీచుకు శక్తి బొత్తిగా లేదా అంటే, ఉంది. చిన్నపేగులో అరగని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి కొన్ని కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి, వాటిని శరీరం పీల్చుకుంటుంది. దానికి గ్రాముకు రెండు అని ఒప్పుకున్నారు. అలా కలిపితే పల్లీ 520 కాస్తా 541 అవుతుంది. కొన్ని పట్టికలు కలుపుతాయి, కొన్ని కలపవు. రెండు పుస్తకాలు రెండు అంకెలు చెబితే మొదట అనుమానించవలసింది పీచునే.

ఇక్కడో పక్కమాట. ప్రోటీన్‌ను కూడా నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి, సాధారణంగా 6.25తో గుణిస్తారు. వేరుశనగకు మాత్రం 5.46 వాడాలని 1931లోనే అమెరికాలో డి. బి. జోన్స్ తేల్చాడు. ఏ అంకె వాడారన్నదాన్ని బట్టి వంద గ్రాముల పల్లీలో ప్రోటీన్ మూడు గ్రాములకు పైగా మారుతుంది. ప్రోటీన్ కోసం తినేవాళ్లకు అది ముఖ్యమే. కానీ క్యాలరీల లెక్క చెదరదు. ప్రోటీన్ పద్దులో పెరిగిన మూడు గ్రాములూ పిండిపదార్థం పద్దులో తగ్గుతాయి, రెండింటికీ గుణకం నాలుగే.

లెక్కలన్నీ సరిగ్గా వేసినా పల్లీ ఇంకో చోట చిక్కు పెడుతుంది. నూనెను గింజ తన కణాల్లో గట్టి గోడల మధ్య దాచుకుంటుంది. నమిలినప్పుడు పగిలిన కణాల్లోని నూనె మాత్రమే బయటపడుతుంది. పగలని కణాలు నూనెతో సహా అలాగే దాటిపోతాయి. 1980లో అమెరికాలో లెవిన్, సిల్విస్ అనే వైద్యులు కొద్దిమంది మీద చేసిన పరిశీలనలో ఇది స్పష్టంగా కనిపించింది. వేరుశనగ నూనె తీసుకున్నప్పుడు తిన్న కొవ్వులో 4.5 శాతం మలంలో పోయింది. మెత్తగా నూరిన పల్లీ వెన్న తిన్నప్పుడు 7 శాతం. గింజలుగా తిన్నప్పుడు 17.8 శాతం.

ఆ నిష్పత్తిని కొత్త పట్టిక అంకెలకు పెట్టి చూడవచ్చు. వంద గ్రాముల పల్లీలో కొవ్వు 39.6 గ్రాములు. గింజలుగా తింటే ఏడు గ్రాములు అరగకుండా పోతాయి. తొమ్మిది అనే గుణకంలోనే ఐదు శాతం నష్టం, అంటే రెండు గ్రాములు, ముందే తీసేసి ఉంది. మిగిలిన ఐదు గ్రాములే అదనపు నష్టం. గ్రాముకు 9.4 చొప్పున 47 కిలోక్యాలరీలు. 520లోంచి అది పోతే ఒంటికి దక్కేది 470 చిల్లర. కాల్చితే 620, పాత పట్టికలో 567, కొత్త పట్టికలో 520, గింజలుగా నమిలి మింగితే 470. ఇది మోటు అంచనాయే, ఎంత బాగా నమిలారన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా అదే పల్లీలను పచ్చడి రుబ్బినా, పొడి కొట్టినా ఒంటికి పట్టే కొవ్వు పెరుగుతుందన్నది మాత్రం నిజం. బాదం మీద 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు ఇలాంటి పరీక్షే చేశారు. 28 గ్రాముల బాదం గింజలకు మామూలు లెక్క సుమారు 170 చెబితే మనుషుల్లో కొలిచినప్పుడు 129 మాత్రమే తేలింది.

అలాగని 4-4-9ని అవతల పారేయాల్సిన పని లేదు. ఇంట్లో పల్లీపట్టి చేస్తే క్యాలరీలు ఎన్నో తెలుసుకోవడానికి దీనికంటే సులువైన దారి లేదు. అరవై గ్రాముల పల్లీలు, నలభై గ్రాముల బెల్లం తీసుకుందాం. పాత పుస్తకం అంకెలతోనే లెక్క వేస్తే పల్లీల నుంచి ప్రోటీన్ 15.2 గ్రాములు, కొవ్వు 24.1, పిండిపదార్థం 15.7. బెల్లంలో వందకు 95 గ్రాములు పిండిపదార్థమే, అంటే చక్కెరే. నలభై గ్రాములకు 38. మిగతావి లెక్కలోకి రానంత తక్కువ. మొత్తం పిండిపదార్థం 53.7 గ్రాములు, దాని నుంచి 215 కిలోక్యాలరీలు. కొవ్వు నుంచి 217. ప్రోటీన్ నుంచి 61. అన్నీ కలిపి 493. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ముక్కకు 123.

ఈ లెక్కలో చూడవలసింది మొత్తం కాదు, లోపలి వాటాలు. బరువులో కొవ్వు పిండిపదార్థంలో సగం కూడా లేదు, శక్తిలో మాత్రం రెండూ సమానం. ఇక పల్లీపట్టిని ప్రోటీన్ తిండిగా చెప్పుకుంటాం కానీ ప్రోటీన్ నుంచి వచ్చేది ఎనిమిదో వంతు శక్తే. ‘ప్రోటీన్ బార్’ అని రాసిన ప్యాకెట్ దేన్నైనా ఇలాగే విప్పి చూడవచ్చు. ప్రోటీన్ గ్రాములను నాలుగుతో గుణించి మొత్తం శక్తితో పోల్చితే ఆ పేరులో ఎంత నిజముందో అరనిమిషంలో తేలుతుంది.

ప్యాకెట్ల దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు మరొకటి ఉంది. పిండిపదార్థం వరుస కింద చక్కెరలు, కలిపిన చక్కెర అని ఉంటాయి. కొవ్వు కింద సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు ఉంటాయి. ఇవి పై వరుసలోని మొత్తంలో భాగాలే, విడిగా కలపకూడదు. కలిపితే లెక్క ప్యాకెట్ కంటే బాగా ఎక్కువ వచ్చి కంపెనీ మోసం చేసిందనిపిస్తుంది. మూడు ప్రధాన వరుసలతోనే లెక్క వేసినప్పుడు నాలుగైదు క్యాలరీల తేడా వస్తే అది దశాంశాల సర్దుబాటు. అంతకంటే బాగా తక్కువగా ప్యాకెట్ మీద ఉంటే పీచు ఎంతో చూడాలి, లేదా ‘చక్కెర లేదు’ అనే మిఠాయిలో వాడే మాల్టిటాల్ లాంటి తీపి ఆల్కహాళ్లు ఉన్నాయేమో చూడాలి. వాటికి గ్రాముకు నాలుగు కాదు, సుమారు రెండున్నరే. రెండూ లేకపోయినా తేడా ఉంటే లేబుల్‌లో ఎక్కడో తప్పు ఉన్నట్టే.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇంకో చిక్కు. అక్కడి లేబుల్‌లో పిండిపదార్థం అంకెలో పీచు కలిసే ఉంటుంది. ఐరోపా దేశాల్లో పీచును తీసేసి రాస్తారు. మొదటి చోట పీచును పిండిపదార్థంలోంచి తీసేసి విడిగా లెక్కించాలి, రెండో చోట అలా తీసేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది.

ఇంత సూక్ష్మంగా లెక్కలు చూసేవాళ్లు కూడా గ్రాముల దగ్గరే బోల్తా పడుతుంటారు. పట్టికలో బియ్యానికి 345 అని ఉంటే అది వండని బియ్యానికి. వంద గ్రాముల బియ్యం ఉడికితే నీళ్లు పీల్చుకుని 280, 300 గ్రాముల అన్నం అవుతుంది, క్యాలరీలు మాత్రం అవే. కంచంలో రెండు వందల గ్రాముల అన్నం తూచి, బియ్యం వరుస చూసి గుణిస్తే 690 వస్తుంది. నిజానికి ఉన్నది సుమారు 240. పీచు, నత్రజని గుణకం, నమలడం అన్నీ కలిసినా ఇంత తప్పు రాదు. దీన్ని తప్పించుకునే పద్ధతి తేలికే. వండే ముందు బియ్యం ఒకసారి తూచాలి, ఉడికాక అన్నం మొత్తం ఇంకోసారి తూచాలి. మూడు వందల గ్రాముల బియ్యానికి 1035 కిలోక్యాలరీలు. అది 860 గ్రాముల అన్నమైతే వంద గ్రాముల అన్నానికి 120 వస్తుంది. గంజి వార్చే ఇంట్లో వార్పుతో పాటు కొంత పిండి కూడా పోతుంది కాబట్టి ఆ అంకె ఇంకాస్త తగ్గుతుంది. పులిహోర కలిపితే పోపులో పడిన నూనెను గ్రాముల్లో తూచి తొమ్మిదితో గుణించి కలుపుకోవాలి. ఐదు మిల్లీలీటర్ల చెంచాడు నూనె తూకానికి నాలుగున్నర గ్రాములు, అంటే 41 కిలోక్యాలరీలు.